₹49,000, ₹49,500, మళ్లీ ₹49,000: కరెంట్ అకౌంట్‌లో గీత కిందే ఆగే క్యాష్‌ని ఎలా చదవాలి?

ప్రశ్న: *నేనొక బ్యాంకులో పని చేస్తున్నాను. ఈ మధ్యే కరెంట్ అకౌంట్ల అలర్టులు చూసే పని అప్పగించారు. ఒక షాపు అకౌంట్‌లో దాదాపు రోజూ 48 వేలు, 49 వేలు క్యాష్ పడుతోంది. 50 వేలు దాటడం లేదు కాబట్టి రూల్ ఏదీ తప్పలేదు అంటున్నారు మా బ్రాంచి వాళ్లు. దీన్ని అనుమానాస్పదం అనాలా, వదిలేయాలా? ఏం చూసి తేల్చాలి?*

బ్రాంచి వాళ్లు చెప్పింది సగమే నిజం అండీ. 49 వేల డిపాజిట్ ఏ ఒక్కటి తీసుకున్నా తప్పు లేదు, అలాంటివి వంద ఉన్నా వాటంతట అవి తప్పు కావు. మీరు చూడాల్సింది 49 వేలు ఎన్నిసార్లు పడ్డాయన్నది కాదు, 51 వేలు, 53 వేలు, 56 వేలు ఎందుకు ఒక్కసారీ పడలేదన్నది. సహజంగా అమ్మకాలు జరిగే షాపుకి 50 వేల గీత ఉందని గల్లాపెట్టెకి తెలియదు. గీత కింద గుంపు, గీత పైన ఖాళీ కనిపిస్తే ఎవరో లెక్కపెట్టి మరీ ఆపుతున్నారని అర్థం. ఆపడానికి మంచి కారణం ఉందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. దానికి జవాబు మూడు చోట్ల దొరుకుతుంది: డబ్బు ఎక్కడ, ఎలా వేశారు, ఆ వ్యాపారానికి అంత క్యాష్ వచ్చే వీలుందా, వేసిన డబ్బు ఎంతసేపు అకౌంట్‌లో నిలిచింది.

ముందు ఏ గీత అన్నది తేల్చుకోండి

మన దగ్గర గీతలు ఒకటి కాదు. కొత్తగా ఈ సీట్లోకి వచ్చినవాళ్లు అన్నిటినీ కలిపేస్తుంటారు.

అందరికీ తెలిసినది 50 వేల గీత. 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 114బి ప్రకారం 2026 మార్చి దాకా ఒక రోజులో 50 వేలు దాటి క్యాష్ వేస్తే పాన్ ఇవ్వాల్సి ఉండేది. ఇందులో రెండు మాటలు గమనించండి. ఒకటి, "దాటి". సరిగ్గా 50,000 వేస్తే గీత దాటినట్టు కాదు. రెండు, "ఒక రోజులో". ఉదయం 49 వేలు, మధ్యాహ్నం 48 వేలు వేస్తే ఆ రోజు మొత్తం 97 వేలు, గీత ఎప్పుడో దాటిపోయింది. "ఒక్కోటీ 50 లోపే కదా" అనే వాదన ఇక్కడే వీగిపోతుంది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, మీరు చూస్తున్న నెలలకు ఏ నిబంధన, ఏ పరిమితి వర్తిస్తుందో మీ బ్యాంకు సర్క్యులర్‌లో చూసుకుని మొదలుపెట్టండి. గీత ఎక్కడికి జరిగినా చూసే పద్ధతి మారదు.

రెండోది 10 లక్షల గీత. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద 2005లో వచ్చిన రికార్డుల నిబంధనల ప్రకారం 10 లక్షలు దాటిన క్యాష్ లావాదేవీలన్నిటినీ బ్యాంకు ప్రతి నెలా సీటీఆర్ అనే రిపోర్టుగా ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూ‌కి పంపాలి, మరుసటి నెల 15వ తేదీలోగా. ముక్కలు చేసేవాళ్ల సంగతి ఈ నిబంధన రాసినవాళ్లకి ముందే తెలుసు. ఒకదానితో ఒకటి ముడిపడిన లావాదేవీలు విడివిడిగా 10 లక్షల లోపు ఉన్నా, అదే నెలలో మొత్తం 10 లక్షలు దాటితే అవీ లెక్కలోకి వస్తాయి. జమలు వేరుగా, విత్‌డ్రాయల్స్ వేరుగా కూడాలి. 6 లక్షలు వేసి 5 లక్షలు తీస్తే 11 లక్షలు అనకూడదు.

మరి 9.8 లక్షలు, 9.5 లక్షలు వేసేవాడికి లాభం ఏమిటి? ఒకే నెలలో, ఒకే కస్టమర్ పేరు మీద అయితే పెద్దగా ఏమీ లేదు. అందుకే తెలిసినవాళ్లు నెల మారే చోట విరుస్తారు: 30వ తేదీన 9 లక్షలు, 1వ తేదీన 9 లక్షలు. మీ సిస్టమ్ క్యాలెండర్ నెల ప్రకారమే కూడితే ఇది కనిపించదు. ఏ రోజు నుంచైనా 30 రోజులు కూడి చూస్తే బయటపడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. సీటీఆర్‌లో 50 వేల లోపు విడి లావాదేవీల వివరాలు ఇవ్వనక్కర్లేదని ఆర్‌బీఐ కేవైసీ మార్గదర్శకాలు చెప్పాయి. అంటే 50 వేల గీత కింద నడిస్తే రెండు లాభాలు: వేసినవాడు పాన్ చెప్పక్కర్లేదు, నెలకు 15 లక్షలు వేసినా ఆ వివరాలు సీటీఆర్‌లో కనబడవు. అనుమానాస్పద లావాదేవీల మీద పంపే రిపోర్టు, ఎస్‌టీఆర్‌కి మాత్రం కనీస మొత్తం అనేదే లేదు. ఐదు వేలైనా అనుమానాస్పదమైతే పంపాలి, లావాదేవీ పూర్తి కాకుండా ప్రయత్నంగా మిగిలినా పంపాలి. "50 లోపే కదా, మన బాధ్యత కాదు" అనే మాటకి ఇదే జవాబు.

ఇంకో గీత ఏడాది మొత్తానికి సంబంధించింది. కరెంట్ అకౌంట్లలో ఆర్థిక సంవత్సరంలో 50 లక్షలు, ఆపైన క్యాష్ జమ అయితే అది బ్యాంకులు ఏటా ఇచ్చే పెద్ద లావాదేవీల నివేదిక ఎస్‌ఎఫ్‌టీలో ఆదాయపు పన్ను శాఖకి వెళ్లేది. 47, 48 లక్షల దగ్గర క్యాష్ ఉన్నట్టుండి ఆగిపోయి, అదే కుటుంబంలో ఇంకొకరి పేరు మీద కొత్త కరెంట్ అకౌంట్ మొదలైతే ఈ గీత గుర్తుకు రావాలి.

స్టేట్‌మెంట్‌ని పట్టీలుగా కోయడం

కనీసం మూడు నెలల స్టేట్‌మెంట్ తీసుకోండి, ఆరు నెలలైతే మంచిది. అందులో క్యాష్ జమలు మాత్రమే వేరు చేయండి. ఈ మొదటి అడుగులోనే చాలామంది తప్పు చేస్తారు. "క్యాష్" అన్న కోడ్‌తో ఫిల్టర్ పెడితే కౌంటర్‌లో వేసినవే వస్తాయి. డిపాజిట్ మెషిన్ జమలు చాలా సిస్టమ్స్‌లో వేరే కోడ్‌తో ఉంటాయి. బ్యాంక్ మిత్ర దగ్గర వేసిన డబ్బు, ఆ మిత్ర సెటిల్‌మెంట్ అకౌంట్ నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫర్‌లా కనబడవచ్చు. నరేషన్ చదవకుండా ఫిల్టర్‌ని నమ్మితే సగం క్యాష్ మీ కళ్ల ముందు నుంచే జారిపోతుంది. ఇంకోవైపు, మెషిన్ నోట్లు మింగి తర్వాత రివర్స్ అయిన ఎంట్రీలు తీసేయకపోతే అదే డబ్బు రెండుసార్లు లెక్కకొస్తుంది.

ఆ తర్వాత పని ఎక్సెల్‌లో పది నిమిషాలు. A కాలమ్‌లో తేదీ, B కాలమ్‌లో మొత్తం ఉన్నాయనుకుంటే:

```
=COUNTIFS(B:B,">=40000",B:B,"<45000")
=COUNTIFS(B:B,">=45000",B:B,"<=50000")
=COUNTIFS(B:B,">50000",B:B,"<=55000")
=SUMIFS(B:B,A:A,A2)
```

మొదటి మూడూ పక్కపక్కనే ఉన్న ఐదేసి వేల పట్టీలు. రెండో దానిలో `<=50000` అని కావాలనే పెట్టాను, సరిగ్గా 50 వేలు గీత కిందికే వస్తుంది కాబట్టి. నాలుగోది ఆ రోజు మొత్తం. తేదీతో పాటు సమయం కూడా A కాలమ్‌లో ఉంటే ఈ ఫార్ములా పని చేయదు, ప్రతి ఎంట్రీ వేరే రోజు అనుకుంటుంది. ముందు పక్క కాలమ్‌లో `=INT(A2)` తో సమయం తీసేసి ఆ కాలమ్ వాడండి.

సహజమైన షాపులో పక్కపక్క పట్టీల్లో సంఖ్యలు మెల్లగా మారుతాయి: 12, 10, 8 ఇలా. 9, 70, 0 అని వస్తే గీత దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ఎంత తేడా ఉంటే అనుమానం అనడానికి చట్టంలో సంఖ్య లేదు. బ్యాంకుల అలర్టుల్లో ఉండేవి ఆ బ్యాంకు పెట్టుకున్నవే. ఎంట్రీలు పది పదిహేనే ఉంటే ఈ పట్టీల మీద ఏ అభిప్రాయానికీ రాకండి, అంత కొద్దిలో ఏ ఆకారమైనా యాదృచ్ఛికంగా రావచ్చు.

నోట్ల లెక్క కూడా చూడండి, చాలామంది పట్టించుకోని చోటు ఇది. 500 నోట్ల కట్ట అంటే వంద నోట్లు, 50,000. ఎవరైనా మామూలుగా పెద్ద మొత్తం వేయాలంటే కట్ట కట్టగానే వేస్తారు, అందుకే సరిగ్గా 50,000 దగ్గర కొంత గుంపు ఉండటం సహజమే. 49,500 అంటే 99 నోట్లు, 49,000 అంటే 98. కట్ట విప్పి ఒకటో రెండో నోట్లు తీసి పక్కన పెడితే తప్ప అన్నిసార్లు ఆ అంకె రాదు. కిరాణా, మందుల షాపు, హోటల్ లాంటి చోట రోజు అమ్మకం డబ్బులో వందలు, రెండొందలు, యాభైలు, ఇరవైలు తప్పకుండా కలుస్తాయి. డిపాజిట్ స్లిప్ మీద, మెషిన్ లాగ్‌లో ఏ నోట్లు ఎన్ని అన్నది ఉంటుంది. అన్నీ ఐదొందలే అయితే ఆ డబ్బు ఆ షాపు గల్లా నుంచి రాలేదని గట్టిగా అనుకోవచ్చు. టోకు వ్యాపారికి మాత్రం ఈ మాట అంతగా వర్తించదు, వాళ్ల దగ్గరికి ఐదొందల కట్టలే వస్తాయి.

అమాయకంగా 49 వేలు పడే సందర్భాలు

అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది డిపాజిట్ మెషిన్ పరిమితి. కార్డు లేకుండా అకౌంట్ నంబర్ కొట్టి వేసే డబ్బుకి కొన్ని బ్యాంకులు ₹49,900 లాంటి పరిమితి పెట్టాయి. అలాంటప్పుడు ఎవరు వేసినా గీత కిందే ఆగుతుంది, ఆపింది మెషిన్. దీన్ని విడదీయడానికి ఒక దారి: పరిమితి వల్ల ఆగితే డబ్బు దాని అంచుకి ఆనుకుని, ఆపై మిగిలిన చిల్లర మొత్తం ఇంకో ఎంట్రీగా వస్తుంది. ఉదాహరణకి 49,500, వెంటనే 13,200. అంటే ఆ రోజు అమ్మకం 62,700, మెషిన్ రెండు ముక్కలు చేయించింది. చిల్లర ముక్క ఎప్పుడూ రాకుండా ప్రతిసారీ 49,000 దగ్గరే ముగిస్తే అమ్మకం ఆ అంకెకి సరిపోయేలా ప్రతిరోజూ జరిగిందని నమ్మాలి. నమ్మలేం కదా.

రెండోది మన కౌంటర్ల వాళ్ల సలహా. "50 లోపు వేసేయండి సార్, పాన్ గొడవ ఉండదు" అని రద్దీలో చెప్పే క్యాషియర్లు ఉంటారు. షాపు యజమాని గుమాస్తాని పంపిస్తాడు, గుమాస్తా దగ్గర పాన్ కాపీ ఉండదు, అలా అలవాటైపోతుంది. ఇది గీత తప్పించడమే, కానీ డబ్బు దాచడం కాదు. ఇలాంటి అకౌంట్‌లో మొత్తాలు అమ్మకాలకి సరిపోతాయి, పాన్ కేవైసీలో ఎప్పటినుంచో ఉంటుంది, డబ్బు సరుకు సప్లయర్లకే వెళ్తుంది. ఒక్క మాట చెప్పాలి: ఇక్కడ సరిదిద్దాల్సింది కస్టమర్‌ని కాదు, కౌంటర్‌ని.

మూడోది డిస్ట్రిబ్యూటర్లు. సబ్బులు, బిస్కెట్లు, పాల ప్యాకెట్లు పంపిణీ చేసేవారి సేల్స్‌మెన్ ఏ మండలంలో వసూలు చేస్తే అక్కడే వేసేస్తారు. చాలా ఊళ్ల నుంచి, చాలామంది చేతుల మీదుగా క్యాష్ రావడం వాళ్లకి మామూలే. అయితే వాళ్ల మొత్తాలు 8,340, 27,615, 61,900 అని చెల్లాచెదురుగా ఉంటాయి. ఊళ్లు ఎన్నున్నా అంకెలన్నీ ఒకే చోట చేరితే అది వసూలు డబ్బు కాదు.

ఒక అకౌంట్‌ని చివరిదాకా చూద్దాం

ఇది అర్థం కావడానికి నేను కూర్చిన ఉదాహరణ, ఏ ఒక్కరి అకౌంటూ కాదు. నరసరావుపేట లాంటి ఊళ్లో టైల్స్, శానిటరీ సామాన్ల షాపు. ఒక్కరి యాజమాన్యం. మూడు నెలల్లో క్యాష్ జమలు 138. పట్టీలుగా కోస్తే 25 వేల లోపు 19, 25 నుంచి 45 వేల మధ్య 14, 45 నుంచి 50 వేల దాకా 96, 50 నుంచి 55 వేల మధ్య సున్నా, 55 వేల పైన 9.

ఇక్కడ తొందరపడేవాళ్లు "పైన 9 ఉన్నాయి కదా, దాచేవాడైతే అవీ వేసేవాడు కాదు" అని అలర్ట్ మూసేస్తారు. ముందు ఆ జమల్ని చోటు ప్రకారం విడదీయండి. 19, 14, 9 కలిపి 42 జమలూ షాపు ఉన్న ఊళ్లో, హోమ్ బ్రాంచి కౌంటర్‌లో వేసినవి. మొత్తం ₹14,23,000. నోట్లు కలగలిపి ఉన్నాయి, సోమవారాలు ఎక్కువ పడ్డాయి, ఆదివారం అమ్మకం కూడా కలుస్తుంది కాబట్టి. ఇది నిజమైన షాపు నడక. 96 జమలూ వేరే ఊళ్ల డిపాజిట్ మెషిన్లలో, కార్డు లేకుండా వేసినవి: విజయవాడ, హైదరాబాద్, బెంగళూరు. నెలవారీగా 28, 33, 35. సగటున 49,000 చొప్పున మొత్తం ₹47,04,000. అన్నీ ఐదొందల నోట్లే, అంటే సగటున జమకి 98 నోట్లు. ఒకే అకౌంట్‌లో రెండు వేర్వేరు జనాభాలు కాపురం ఉంటున్నాయి. సగటు చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు వ్యాపారంతో పోల్చండి. ఆ మూడు నెలలకి జీఎస్‌టీ రిటర్నులో చూపిన అమ్మకం ₹17,20,000. 18 శాతం పన్ను ₹3,09,600 కలిపితే కస్టమర్ల దగ్గర నుంచి రావాల్సింది ₹20,29,600. యూపీఐ, కార్డుల ద్వారా వచ్చింది 6 లక్షలు. హోమ్ బ్రాంచిలో వేసిన క్యాష్ 14,23,000. రెండూ కలిపితే ₹20,23,000. షాపు చెప్పిన అమ్మకానికి ఇదే దాదాపు సరిపోయింది. అరువు అమ్మకాల వల్ల బిల్లుకీ వసూలుకీ మధ్య నెలో రెండు నెలలో తేడా వస్తుంది కాబట్టి లక్ష రెండు లక్షలు అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు. కానీ 47 లక్షలకి ఈ షాపులో చోటే లేదు. అమ్మకం దాచాడు అనుకున్నా, మూడు నెలల్లో చూపిన దానికి రెండింతలకు పైగా దాచాలి. అంత టైల్స్ కొన్న దాఖలా కూడా అకౌంట్‌లో ఉండాలి. సప్లయర్ చెల్లింపులు చూస్తే 17 లక్షల వ్యాపారానికి సరిపోయేంతే ఉన్నాయి.

ఇక ఒక్క రోజుని దగ్గరగా చూడండి. ఒక మంగళవారం పొద్దున అకౌంట్‌లో నిల్వ ₹6,400. 10:41కి విజయవాడ మెషిన్‌లో 49,000. అదే మెషిన్‌లో 10:46కి 49,500. 11:20కి హైదరాబాద్‌లో 49,000. 11:58కి బెంగళూరులో 48,500. మొత్తం ₹1,96,000. 12:30కి ₹1,95,000 ఐఎంపీఎస్‌లో ఒక వ్యక్తి అకౌంట్‌కి వెళ్లిపోయింది. నిల్వ ₹7,400. గంటా పదిహేడు నిమిషాల్లో మూడు నగరాల్లో నలుగురు కాకపోయినా కనీసం ముగ్గురు వేయాలి. ముగ్గురు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇంత దగ్గరి అంకెలు రావు. డబ్బు వెళ్లిన ఆ వ్యక్తికి టైల్స్ వ్యాపారంతో సంబంధం ఉందా అని చూస్తే అతని పేరు మీద జీఎస్‌టీ లేదు, సరుకు బిల్లు లేదు.

ఈ అకౌంట్‌కి కేవైసీలో పాన్ ముందే ఉంది కదా, మరి 50 లోపు ఆపి యజమానికి ఒరిగేదేమిటి అని అనిపించాలి మీకు. అతనికి పెద్దగా ఏమీ లేదు. లాభం వేసేవాళ్లకి. వాళ్లు ఎవరో ఎక్కడా నమోదు కావడం లేదు. గీత ఎవరి కోసం పాటిస్తున్నారు అన్న ప్రశ్నే అకౌంట్ యజమాని సొంత డబ్బు దాస్తున్నాడా, అకౌంట్ అద్దెకిచ్చాడా అన్నది విడదీస్తుంది. ఇక్కడ రెండోదే ఎక్కువ కనిపిస్తోంది. ఎస్‌టీఆర్ కోసం దాన్ని రుజువు చేయాల్సిన పని మీకు లేదు. ఆ డబ్బు మోసాలదా, హవాలాదా, పన్ను ఎగ్గొట్టిన అమ్మకాలదా అన్నది తేల్చేది దర్యాప్తు సంస్థలు.

తెలివి మీరినవాళ్లు

పై ఉదాహరణ కొంచెం మొరటుది. అలర్టుల సంగతి తెలిసినవాళ్లు 49 వేలు మానేసి 31, 38, 44 వేలు అని మార్చి మార్చి వేస్తారు, పట్టీల లెక్క ఏమీ చూపించదు. అప్పుడు రోజు మొత్తం, చోట్ల సంఖ్య, రోజు చివర నిల్వ, ఈ మూడే దారి. క్యాష్ వచ్చిన రోజే తొంభై శాతం పైగా బయటికి పోతూ, నిల్వ నెలల తరబడి కొన్ని వేల దగ్గరే ఉంటే అంకెలు ఎలా మార్చినా ఆ ఆకారం మారదు. ఇంకొందరు ఒకే మొత్తాన్ని నాలుగు అకౌంట్లలోకి పంచుతారు. ఒకే మొబైల్ నంబర్, ఒకే చిరునామా, లేదా డబ్బు చివరికి చేరే ఒకే అకౌంట్ ఆధారంగా వాటిని కలిపి చూడాలి. నా అభిప్రాయంలో బయటికి వెళ్లే వైపు నుంచి వెతకడమే తేలిక. లోపలికి వచ్చే దారులు పది ఉంటాయి, బయటికి చేరే చోటు ఒకటో రెండో ఉంటుంది.

పక్కమాటగా ఒకటి. అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, మోటెళ్లు నడిపే మనవాళ్లు ఇది చదువుతుంటే, అక్కడ 10,000 డాలర్లు దాటిన క్యాష్‌కి రిపోర్టు వెళ్తుంది. ఆ రిపోర్టు తప్పించాలన్న ఉద్దేశంతో 9,500 చొప్పున విరిచి వేయడమే అక్కడ ఫెడరల్ నేరం, డబ్బు న్యాయంగా సంపాదించినదే అయినా సరే. మన దగ్గర విరవడాన్ని అనుమానానికి ఆధారంగా చూస్తాం.

కస్టమర్‌ని ఏం అడగాలి, ఏం అడగకూడదు

"మీరు 50 లోపే ఎందుకు వేస్తున్నారు?" అని ఫోన్ చేసి అడిగారంటే పని చెడినట్టే. రేపటి నుంచి అంకెలు మారతాయి, లేదా అకౌంట్ ఖాళీ అవుతుంది. పైగా రిపోర్టు సంగతి కస్టమర్‌కి తెలిసేలా చేయడం నిషేధం. మామూలు కేవైసీ అప్‌డేట్‌లో అడిగే ప్రశ్నలు సరిపోతాయి: వ్యాపారం ఎక్కడెక్కడ ఉంది, వేరే ఊళ్లలో కొనుగోలుదారులు ఉన్నారా, గత మూడు నెలల జీఎస్‌టీ రిటర్నులు ఇవ్వగలరా. నరసరావుపేట షాపు యజమాని "వేరే ఊళ్లలో నాకెవరూ లేరు" అంటే అదే మీకు కావలసిన జవాబు. ఆ మాత్రం అడిగినా పసిగట్టేస్తాడని అనిపిస్తే అడగకుండానే ఎస్‌టీఆర్ పంపమని ఆర్‌బీఐ కేవైసీ డైరెక్షనే చెబుతోంది.

కస్టమర్‌కి తెలియకుండా మీరు సేకరించగలిగేవి ముందు సేకరించండి. మెషిన్ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది. అలర్ట్ మీ చేతికి వచ్చిన రోజే ఆ తేదీల ఫుటేజీ భద్రపరచమని మెయిల్ పెట్టండి, తర్వాత అక్కర్లేదని తేలినా నష్టం లేదు.

రాసేటప్పుడు

పంపాలా వద్దా అన్నది మీ బ్యాంకు ప్రిన్సిపల్ ఆఫీసర్ నిర్ణయం. అనుమానం ఖాయమయ్యాక ఆలస్యం చేయకూడదు. మీరు రాసే అనుమాన కారణంలో "కస్టమర్ తరచుగా 50 వేల లోపు క్యాష్ వేస్తున్నాడు" అని ఒక్క వాక్యం రాస్తే అవతల చదివేవాళ్లకి ఏమీ తెలియదు. పై అకౌంట్‌కి ఇలా రాయవచ్చు:

*"మూడు నెలల్లో 138 క్యాష్ జమలు. వాటిలో 96 (₹47,04,000) షాపు లేని మూడు నగరాల మెషిన్లలో, కార్డు లేకుండా, అన్నీ 45,000–50,000 మధ్య. 50,000–55,000 మధ్య ఒక్కటీ లేదు. హోమ్ బ్రాంచి క్యాష్, డిజిటల్ వసూళ్లు కలిపి ₹20,23,000. ఇది పన్నుతో కలిపి ప్రకటించిన అమ్మకానికి (₹20,29,600) సరిపోతోంది కాబట్టి మెషిన్ జమలకి వ్యాపార కారణం కనబడలేదు. జమైన డబ్బు అదే రోజు వ్యక్తిగత అకౌంట్లకి వెళ్తోంది."* దీని కింద ఆ అకౌంట్ నంబర్లు, మెషిన్ల ఐడీలు, పైన చెప్పిన మంగళవారం ఎంట్రీలు ఉదాహరణగా.

అనుమానం లేదని మూసేసినా అంతే వివరంగా రాయండి. "కస్టమర్‌తో మాట్లాడాం, సంతృప్తికరం" అన్న నోట్ ఇన్‌స్పెక్షన్‌లో నిలబడదు. "మెషిన్ పరిమితి ₹49,900, 31 సందర్భాల్లో 27 సార్లు అదే రోజు మిగిలిన చిల్లర రెండో జమగా వచ్చింది, రోజు మొత్తాలు అమ్మకాల రిజిస్టర్‌తో సరిపోయాయి" అన్న నోట్ నిలబడుతుంది.

ఎస్‌టీఆర్ పంపిన తర్వాత చాలా బ్రాంచిలు అడిగే ప్రశ్న, అకౌంట్ ఆపేయాలా అని. ఎస్‌టీఆర్ పంపామన్న ఒక్క కారణంతో లావాదేవీలు ఆపకూడదు, ఆపితే కస్టమర్‌కి మీరే చెప్పినట్టు అవుతుంది. పోలీసులో ఈడీయో అధికారికంగా ఆదేశిస్తే సంగతి వేరు. అప్పటిదాకా అకౌంట్‌ని హై రిస్క్‌లో పెట్టి మరుసటి నెలల జమలూ ఇదే పద్ధతిలో కోసి చూస్తూ ఉండండి. అదే నడక కొనసాగితే కొత్త తేదీలతో మళ్లీ రిపోర్టు వెళ్లాలి, ఒకసారి పంపాం కదా అని ఊరుకోవడం కుదరదు.